ఏజీఎం నోటీసు: వీడియోలో పెట్టొచ్చా? ప్రాక్సీ ఫారం జత చేయాలా, వద్దా? (640 మంది సభ్యులు, అన్‌లిస్టెడ్ కంపెనీ)

బెజవాడ_లెక్కలు · ఆగస్టు 6, 2025

రిజిస్టర్డ్ ఆఫీసు విజయవాడ, మిర్చి కోల్డ్ స్టోరేజీ గుంటూరు దగ్గర. పబ్లిక్ లిమిటెడ్, కానీ లిస్టెడ్ కాదు. పెయిడప్ 4 కోట్లు, పది రూపాయల షేర్లు 40 లక్షలు, సభ్యులు 640 మంది. సగం మంది తొంభైల్లో డబ్బు పెట్టిన రైతులు, మిగతావాళ్లు యార్డు వ్యాపారులు, వాళ్ల పిల్లలు. పిల్లల్లో చాలామంది హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్నారు.

ఈసారి వార్షిక సభ, అదే ఏజీఎం, వీడియోలో పెట్టమని డైరెక్టర్లు అంటున్నారు. నాకు ముందు పనిచేసినాయన తయారు చేసి వెళ్లిన నోటీసు డ్రాఫ్టు ఉంది. ఏదో పెద్ద లిస్టెడ్ కంపెనీ నోటీసు చూసి రాసినట్టుంది. ఒక పేజీలో "ఈ సభకు ప్రాక్సీ సౌకర్యం లేదు" అని ఉంది, చివర ప్రాక్సీ ఫారం ఎంజీటీ-11 జత చేసి ఉంది! రెండూ ఒకే నోటీసులో ఎలా ఉంటాయి?

సెప్టెంబరు 20 శనివారం ఉదయం 11 గంటలకు అనుకుంటున్నాం. అజెండా: లెక్కల ఆమోదం, షేరుకు రూపాయి డివిడెండు, రొటేషన్‌లో దిగిపోతున్న డైరెక్టరు పునర్నియామకం, ఆడిటర్ ర్యాటిఫికేషన్, మధ్యలో బోర్డు తీసుకున్న అదనపు డైరెక్టరును ఖాయం చేయడం, అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు. ఎక్కడెక్కడ తప్పుందో చెప్పండి.

లోకం_పోకడ

వీడియో సభ అంటే ప్రాక్సీ ఉండదు అన్నా, అంతే. కరోనా నుంచి ప్రాక్సీలే తీసేశారు. ఆ ఫారం చించేసి పంపించెయ్.

పాత_యార్డు_బాబాయ్

నేను రైతు షేర్‌హోల్డర్ని (మీ కంపెనీలో కాదులే). తీసేశారంటే ఎట్లా? మా ఊళ్లో ముసలాళ్లు కొడుకునో అల్లుణ్నో పంపించేది ఆ కాయితం మీదే కదా.

సీఎస్_పద్మజ

@లోకం_పోకడ, మీరన్నది సగమే నిజం. సభ పూర్తిగా వీడియోలోనే జరిగితే ప్రాక్సీ ఉండదు. ఎవరూ ఒకచోటికి రానప్పుడు ఒకరి బదులు ఇంకొకరు రావడం అనే ప్రశ్నే లేదని కేంద్రం తన సర్క్యులర్లలో చెప్పింది. అంతేగాని చట్టంలోని 105వ సెక్షన్ ఎక్కడికీ పోలేదు. హాల్లో సభ పెడితే, "హాజరై ఓటు వేయగల సభ్యుడు తన బదులు ప్రాక్సీని పెట్టుకోవచ్చు, ఆ ప్రాక్సీ సభ్యుడే కానక్కర్లేదు" అన్న వాక్యం నోటీసులో బాగా కనిపించేట్టు ఉండి తీరాలి.

@బెజవాడ_లెక్కలు, కాబట్టి సభ ఎలా జరుపుతారో ముందు తేల్చండి. వీడియో అయితే ఎంజీటీ-11 తీసేయండి, హాలు అయితే "సౌకర్యం లేదు" అన్న పేరా కొట్టేయండి. ఇక అసలు ప్రశ్న: మీ కంపెనీ వీడియోలో సభ పెట్టడానికి అర్హమేనా? 640 మందిలో ఎంతమంది ఈమెయిళ్లు మీ రికార్డులో ఉన్నాయి? వాళ్ల చేతిలో ఎన్ని షేర్లున్నాయి?

బెజవాడ_లెక్కలు

372 మందివి ఉన్నాయి. సగం దాటింది కదా, చాలదా? షేర్లు కూడి చూడాలి. దానికీ దీనికీ సంబంధమేంటండీ?

డాలస్_సుజాత

ఇలాంటి నోటీసే మాకూ వచ్చింది! నాన్న పేరు మీద పాత కాగితపు షేర్లున్నాయి, ఆయన తెనాలిలో ఉంటారు, నేను డాలస్‌లో. నాన్న బదులు నేను వీడియోలో కూర్చోవచ్చా? ప్రాక్సీగా నన్ను పెట్టుకోవచ్చా? ఉదయం 11 అంటే నాకు అర్ధరాత్రి పన్నెండున్నర, ఫర్వాలేదు, మేలుకుంటాను.

సీఎస్_పద్మజ

@డాలస్_సుజాత, మీది లిస్టెడ్ కంపెనీ అనుకుంటాను, ఇక్కడ అడిగింది నోటీసు పంపే వాళ్ల సంగతి. అయినా చెప్తాను. వీడియో సభ అయితే నాన్నగారి బదులు మీరు హాజరు కాలేరు, ఆయన లాగిన్‌తో ఆయనే చేరాలి. హాల్లో సభ అయితే మీరు సభ్యురాలు కాకపోయినా ప్రాక్సీగా రావచ్చు. నాన్నగారు సంతకం చేసి, రెవెన్యూ స్టాంపు అంటించిన ఫారం సభకు 48 గంటల ముందే కంపెనీకి చేరాలి. ప్రాక్సీగా వచ్చినవాళ్లకు సభలో మాట్లాడే హక్కు లేదు. చేతులెత్తే ఓటు వేయకూడదు, పోల్ పెడితేనే, అంటే షేర్ల లెక్కన ఓటింగు పెడితేనే ఓటు. అన్నిటికంటే తేలిక, నాన్నగారు తెనాలి నుంచే రిమోట్ ఈ-ఓటింగ్‌లో ఓటేయడం. అది సభకు ముందు రోజు సాయంత్రం 5కి మూసేస్తారు.

డాలస్_సుజాత

మాట్లాడే హక్కు లేదా? అయితే అంత దూరం నుంచి వచ్చి ఏం లాభం. ఈ-ఓటింగే నయం. థాంక్స్ పద్మజ గారూ.

లోకం_పోకడ

ఈ-ఓటింగ్ మాట వచ్చింది కాబట్టి. @బెజవాడ_లెక్కలు, నువ్వూ ఎన్‌ఎస్‌డీఎల్‌తోనో సీడీఎస్ఎల్‌తోనో ఒప్పందం చేసుకోవాలి. అది లేకుండా సభ చెల్లదు.

సీఎస్_పద్మజ

వీళ్లకు అక్కర్లేదు. లిస్టెడ్ కంపెనీలకూ, 1000 లేదా అంతకు మించి సభ్యులున్న కంపెనీలకే అది తప్పనిసరి. వీళ్లు 640. అందువల్ల వీళ్లకు వీడియో సభ దారి కూడా వేరే.

@బెజవాడ_లెక్కలు, ఈ-ఓటింగ్ తప్పనిసరి కాని కంపెనీ వీడియోలో ఏజీఎం పెట్టాలంటే రెండు కొలతలు ఒకేసారి దాటాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఈమెయిళ్లు రికార్డులో ఉండాలి, అది మీకుంది, 320కి 372. కానీ ఆ సగం మంది చేతుల్లో ఓటు హక్కున్న పెయిడప్ మూలధనంలో కనీసం 75 శాతం ఉండాలి. మీకు అది 30 లక్షల షేర్లు. అందుకే షేర్లు అడిగాను. ఇది 2020 మే 5 నాటి సర్క్యులర్‌లోని షరతు. కిందటి ఏడాది సెప్టెంబరు 19న గడువు పొడిగించినప్పుడు కూడా అదే షరతుతో 2025 సెప్టెంబరు 30 వరకు ఇచ్చారు. తలలు లెక్కపెట్టి షేర్లు మరిచిపోయే కంపెనీలు చాలా చూశాను.

బెజవాడ_లెక్కలు · ఆగస్టు 7

రిజిస్టరు ముందేసుకుని కూడాను. 372 మందికి కలిపి 27 లక్షల షేర్లు. అంటే 67.5 శాతం. 3 లక్షల షేర్లు తక్కువ.

చార్మినార్_సీఏ

చిన్న సభ్యులందరి వెంట పడనక్కర్లేదు. ఈమెయిల్ లేని 268 మందిని షేర్ల ప్రకారం పైనుంచి కిందికి పేర్చు. పైన ముగ్గురో నలుగురో ఉంటారు, వాళ్ల దగ్గరే నీ 3 లక్షలు దొరుకుతాయి.

బెజవాడ_లెక్కలు

నిజమే! పైన ఇద్దరు అన్నదమ్ములు, గుంటూరు కమీషన్ వ్యాపారులు. ఇద్దరికీ కలిపి 3,40,000 షేర్లు. ఇద్దరూ ఫోన్ తప్ప ఇంకేదీ ముట్టుకోరు. ఈమెయిల్ రాయించుకుంటే 30,40,000, అంటే 76 శాతం. మనుషులు 374.

సీఎస్_పద్మజ

ఫోన్లో చెప్తే రాసేసుకోకండి. ఫోలియో నంబరు, ఈమెయిల్, సంతకంతో చిన్న ఉత్తరం తీసుకుని ఫైల్లో పెట్టండి. అదీ నోటీసు పంపేలోపే జరగాలి. పంపిన తర్వాత 75 దాటితే లాభం లేదు, ఎందుకంటే సభ ఏ రూపంలో జరుగుతుందో చెప్పేది నోటీసే.

కృష్ణలంక_రాంబాబు

ఇంత గొడవ ఎందుకు, వాట్సాప్ గ్రూపులో నోటీసు పడేస్తే పోలా? అందరూ చూస్తారు. మా కంపెనీలో అంతే చేస్తాం.

చార్మినార్_సీఏ

బ్లూ టిక్ చూసి సంతోషించొచ్చు గానీ అది నోటీసు పంపినట్టు కాదు రాంబాబన్నా. చేత్తో ఇవ్వాలి, పోస్టులో పంపాలి, లేదా రికార్డులో ఉన్న ఈమెయిల్‌కు పంపాలి. ఈమెయిల్ సబ్జెక్టు లైన్లోనే కంపెనీ పేరు, అది ఏ నోటీసు, సభ ఎక్కడ, ఏ తేదీన అన్నవి ఉండాలి. తిరిగొచ్చిన మెయిళ్ల జాబితా దాచుకోవాలి. గ్రూపులో కూడా పెట్టుకో, తప్పు లేదు. అది మాత్రమే పెడితే రేపు ఒక్క సభ్యుడు నాకు అందలేదంటే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

అనంత_వేరుశనగ

మాది రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, మాకు 14 రోజుల నోటీసు చాలని చెప్పారు. మామూలు కంపెనీలకు 21 అంటారు. ఏది కరెక్టు? ఇంకోటి, మాకు కోరం సభ్యుల్లో నాలుగో వంతు. ప్రతి ఏడాదీ ట్రాక్టర్లు పెట్టి తీసుకురావాల్సి వస్తోంది.

సీఎస్_పద్మజ

మీకు 14 రోజులే, నాలుగో వంతే. ప్రొడ్యూసర్ కంపెనీలకు చట్టంలో వేరే అధ్యాయం ఉంది, షేర్లెన్నున్నా మనిషికి ఒక్క ఓటే. ఇక్కడి లెక్కలు మీరు వాడకండి, ఇక్కడివాళ్లు మీవి వాడొద్దు. వీళ్లకు కోరం ఐదుగురే, సభ్యులు వెయ్యి దాటలేదు కాబట్టి. వీడియోలో చేరినవాళ్లూ అందులోకి వస్తారు. హాల్లో పెడితే మాత్రం ప్రాక్సీలు కోరంలోకి రారు.

అనంత_వేరుశనగ

ఐదుగురేనా! అదృష్టవంతులు స్వామీ.

చార్మినార్_సీఏ

ఇక తేదీ. సెప్టెంబరు 20 అన్నావు. 21 పూర్తి రోజులు కావాలి. పంపిన రోజు లెక్కలోకి రాదు, సభ రోజూ రాదు. ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 19 వరకు 21 రోజులు. అంటే ఈమెయిల్ ఆగస్టు 29న వెళ్లాలి. పోస్టులో వెళ్లేవాటికి ఇంకో రెండు రోజులు ముందు, అంటే 27. ఆ రోజు వినాయక చవితి, పోస్టాఫీసు ఉండదు. కాబట్టి 26వ తేదీకే అన్నీ పోస్టులో పడాలి. అప్పటికి ఆడిటైన లెక్కలు, బోర్డు రిపోర్టు చేతిలో ఉంటాయా? అవి కూడా నోటీసుతో పాటే వెళ్లాలి.

బెజవాడ_లెక్కలు

ఉండవు. ఆడిటర్ 29కి సంతకం చేస్తానన్నారు. బోర్డు మీటింగు 30న.

చార్మినార్_సీఏ

అయితే 20 కుదరదు. 27 శనివారానికి జరుపు. సెప్టెంబరు 6 నుంచి 26 వరకు 21 రోజులు. ఈమెయిల్‌కు ఆఖరు 5వ తేదీ, పోస్టుకు 3వ తేదీ. రెండూ 3నే పంపించెయ్. బోర్డు మీటింగుకు డైరెక్టర్లకు ఏడు రోజుల ముందు నోటీసు వెళ్లాలి, ఆగస్టు 22 దాటనివ్వకు.

కృష్ణలంక_రాంబాబు

27న బెజవాడలో సభా? 22 నుంచి దసరా ఉత్సవాలు. ఇంద్రకీలాద్రి కిందంతా బారికేడ్లే, వన్‌టౌన్ వైపు కారు కదలదు. వీడియోనే మేలు. లేకపోతే గుంటూరులో మీ కోల్డ్ స్టోరేజీలోనే పెట్టండి, రైతులకూ దగ్గర.

లోకం_పోకడ

వీడియో అయినా ఆదివారం పెట్టకండి, ఆదివారం ఏజీఎం పెట్టకూడదు.

సీఎస్_పద్మజ

ఆదివారం పెట్టొచ్చు. జాతీయ సెలవు రోజు కూడదు, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 మధ్య జరగాలి, అంతే.

గుంటూరు కుదరదు. హాల్లో పెడితే రిజిస్టర్డ్ ఆఫీసులోగానీ అదే ఊళ్లో ఇంకోచోటగానీ పెట్టాలి, అది విజయవాడ. వేరే ఊళ్లో పెట్టాలంటే సభ్యులందరూ ముందే ఒప్పుకోవాలి. 640 మందిలో ఒక్కరు కాదన్నా పోయింది. హాలు బెంజి సర్కిల్ వైపు చూసుకోండి, నోటీసులో రూట్ మ్యాపు, దగ్గర్లోని గుర్తు పెట్టండి.

అజెండాలో రెండు సవరణలు. ఆడిటర్‌ను ఏటా ర్యాటిఫై చేసే పద్ధతి 2018 మే 7 నుంచి లేదు. ఆయన ఐదేళ్ల కాలం ఇంకా నడుస్తుంటే ఆ అంశం తీసేయండి. "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" కూడా తీసేయండి, నోటీసులో లేని విషయం మీద ఏజీఎంలో తీర్మానం చేయలేరు. అదనపు డైరెక్టరు పదవి ఈ ఏజీఎంతో ముగుస్తుంది, ఖాయం చేయడం స్పెషల్ బిజినెస్ కిందికి వస్తుంది. ఆయన ఎవరు, అనుభవమేంటి, ఇందులో ఏ డైరెక్టరుకు ఏ ప్రయోజనం ఉంది అన్న వివరణ నోటీసుకు జత చేయాలి. డ్రాఫ్టులో అది ఉందో లేదో చూసుకోండి. మిగతా మూడూ మామూలు అంశాలు, వాటికి వివరణ అక్కర్లేదు.

పాత_యార్డు_బాబాయ్

డివిడెండు రూపాయి కాదు, రెండు చేయాలని సభలో లేచి అడిగితే పెంచుతారా?

చార్మినార్_సీఏ

బోర్డు సిఫార్సు చేసినదాన్ని సభ తగ్గించగలదు గానీ పెంచలేదు బాబాయ్.

పాత_యార్డు_బాబాయ్ · ఆగస్టు 8

సరే, నా బాధ వినండి. అందరూ వీడియో వీడియో అంటున్నారు. అమెరికా పిల్లలకు బాగానే ఉంటుంది. స్మార్ట్ ఫోన్ లేని రైతు ఏం కావాలి? హాల్లో సభ అయితే ఆయనే బస్సెక్కి వస్తాడు, రాలేకపోతే మనిషిని పంపుతాడు. వీడియో పెడితే ఆయన రానూ లేడు, ప్రాక్సీని పంపనూ లేడు. రెండు తలుపులూ మూసేసి "మీకు ఆహ్వానం" అని కాయితం పంపినట్టు ఉంటది. డబ్బు పెట్టినప్పుడు ఈమెయిల్ ఉందా అని ఎవరూ అడగలేదే.

మిర్చి_ఘాటు

బాబాయ్ చెప్పింది నిజమే కానీ ప్రాక్సీల్లో ఇంకో కథ ఉంది. మా దగ్గర ఓ మాజీ డైరెక్టరు ఊరూరా తిరిగి 60 ఫారాలు సంతకాలు పెట్టించుకొచ్చాడు. రైతుకు అది ఏ కాయితమో కూడా తెలియదు. అదీ రైతు హక్కేనా?

సీఎస్_పద్మజ

దానికి హద్దుంది. ఒక మనిషి 50 మంది సభ్యులకు మించి ప్రాక్సీగా ఉండకూడదు, వాళ్లందరి షేర్లు కలిపి ఓటు హక్కున్న మూలధనంలో 10 శాతం దాటకూడదు. @బెజవాడ_లెక్కలు, మీ దగ్గర అయితే అది 4 లక్షల షేర్లు. 60 ఫారాలు తెచ్చినాయన తనకు కావాల్సిన 50 ఏవో ప్రాక్సీల తనిఖీ సమయం మొదలయ్యేలోపు, అంటే సభకు 24 గంటల ముందే చెప్పాలి. చెప్పకపోతే ముందు అందిన 50 మాత్రమే చెల్లుతాయి. సభ్యులెవరైనా మూడు రోజుల ముందు రాతపూర్వకంగా అడిగి ఆ ప్రాక్సీలన్నీ చూడొచ్చు. ఇంకోటి, సంతకం పెట్టిన రైతు తానే సభకు వస్తే ఆ ప్రాక్సీ రద్దయినట్టే.

మిర్చి_ఘాటు

50 లోపే ఉండి షేర్లు 10 శాతం దాటితే? 38 ఫారాలు, 5 లక్షల షేర్లు అనుకోండి. మొత్తం పోతాయా, పైన ఉన్నవి మాత్రమే పోతాయా?

సీఎస్_పద్మజ

నేనైతే అందిన వరుసలో 10 శాతం లోపు నిలిచేవాటిని తీసుకుని మిగతావి తోసిపుచ్చుతాను. నిబంధనలో ఆ మాట రాసి లేదు.

చార్మినార్_సీఏ

నేను ఒప్పుకోను. హద్దు దాటిన మనిషికి ప్రాక్సీగా ఉండే అర్హతే లేదని వాదించొచ్చు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో కంపెనీ ఎలా ఎంచుతుంది? రైతుల మధ్య తేడా పెట్టినట్టే కదా. ముందే ఆయనకు ఫోన్ చేసి, తగ్గించుకురమ్మని రాతలో చెప్పడం మంచిది.

బెజవాడ_లెక్కలు · ఆగస్టు 20

అన్నదమ్ముల దగ్గర ఉత్తరాలు వచ్చాయి. 76 శాతానికి చేరింది. కానీ బాబాయ్ మాట నన్ను వదలడం లేదు. డైరెక్టర్లతో మాట్లాడితే వీడియోకే మొగ్గు. గుంటూరు స్టోరేజీ ఆఫీసులో పెద్ద తెర పెట్టి, ఫోన్ లేని రైతులు అక్కడికి వచ్చి సభలో చేరేట్టు చేద్దామంటున్నారు. పద్ధతేనా?

సీఎస్_పద్మజ

సాయం చేయడం వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ నోటీసులో దాన్ని "సభాస్థలం" అనొద్దు, "వీడియోలో చేరడానికి సహాయ కేంద్రం" అనండి. ఒక్క లాగిన్‌తో ముప్పై మంది కూర్చుంటే హాజరు ఎలా వేస్తారు? ఒక్కొక్కరినీ ఫోలియోతో సరిచూసి విడివిడిగా చేర్చాలి, దానికి మనుషులు కావాలి. నాతో పనిచేసేవాళ్లలో ఇది హాలు సభకే దగ్గరగా ఉందని, అలాంటప్పుడు ప్రాక్సీ కూడా ఇవ్వాలని అనేవాళ్లూ ఉన్నారు. నేను వాళ్లతో పూర్తిగా ఏకీభవించను, కానీ ఆ వాదన తీసిపారేసేది కాదు.

అసలు చిక్కు ఓటు దగ్గర ఉంది. సభలో 50 మంది కంటే తక్కువ ఉంటే అధ్యక్షులు చేతులెత్తించి తేల్చేయొచ్చు. కానీ 10 శాతం ఓట్లున్నవాళ్లుగానీ, 5 లక్షల రూపాయల పెయిడప్ షేర్లున్నవాళ్లుగానీ పోల్ అడగొచ్చు. మీ దగ్గర అది 50 వేల షేర్లే. పోల్ పెడితే సభ్యుడు రికార్డులో ఉన్న తన ఈమెయిల్ నుంచి, నోటీసులో మీరిచ్చిన ప్రత్యేక ఈమెయిల్‌కు ఓటు పంపాలి. ఈమెయిల్ లేని రైతు మీ తెర ముందు కూర్చున్నా పోల్‌లో ఓటు వేయలేడు. 266 మంది ఇంకా ఆ స్థితిలోనే ఉన్నారు.

పాత_యార్డు_బాబాయ్

అదీ నేను చెప్పేది.

కృష్ణలంక_రాంబాబు

పిల్లల మెయిల్ రాసివ్వొచ్చుగా? మా నాన్న బ్యాంకు పనులన్నీ నా మెయిల్ మీదే.

చార్మినార్_సీఏ

రాసివ్వొచ్చు, సభ్యుడే సంతకం పెట్టి ఇవ్వాలి. కానీ ఒకే మెయిల్ పది ఫోలియోలకు రాశారంటే అనుమానంగా చూడు. అది ప్రాక్సీ ఫారాల వ్యాపారమే ఇంకో దారిలో వచ్చినట్టు.

బెజవాడ_లెక్కలు · సెప్టెంబరు 1

బోర్డు 30న ఆమోదించింది, వీడియో సభే. ఈలోగా స్టోరేజీకి సరుకు చూసుకోవడానికి వచ్చిన రైతుల దగ్గర ఫారాలు తీసుకున్నాం, ఇంకో 118 మందివి చేరాయి. ఇప్పుడు 492. మిగతా 148 మందికి 3న పోస్టు, ఆ కవర్లోనే ఈమెయిల్ రాసిచ్చే ఫారం, స్టాంపు అంటించిన తిరుగు కవరు. నోటీసులో ముఖ్య భాగం ఇది, చూడండి:

"కంపెనీ వార్షిక సర్వసభ్య సమావేశం 2025 సెప్టెంబరు 27, శనివారం ఉదయం 11 గంటలకు వీడియో కాన్ఫరెన్స్ ద్వారా జరుగుతుంది. సభ్యులు హాజరు కావలసిందిగా కోరుతున్నాము.

మామూలు అంశాలు: 2025 మార్చి 31తో ముగిసిన సంవత్సరపు ఆడిటైన లెక్కలు, బోర్డు, ఆడిటర్ల నివేదికల ఆమోదం, షేరుకు 1 రూపాయి డివిడెండు ప్రకటన, రొటేషన్‌లో పదవీ విరమణ చేస్తున్న డైరెక్టరు పునర్నియామకం. ప్రత్యేక అంశం: అదనపు డైరెక్టరును డైరెక్టరుగా నియమించడం (వివరణ జతచేశాము).

సమావేశం వీడియో ద్వారానే జరుగుతున్నందున ప్రాక్సీలను నియమించే సౌకర్యం లేదు, ప్రాక్సీ ఫారం జతచేయలేదు. సభ్యత్వం ఉన్న కంపెనీలు తమ బోర్డు తీర్మానంతో ప్రతినిధిని పంపవచ్చు. లింకు ఉదయం 10:45 నుంచి 11:15 వరకు కొత్తగా చేరేవారికి తెరిచి ఉంటుంది. ప్రశ్నలను ముందుగా ఈమెయిల్ ద్వారా పంపవచ్చు, సభలోనూ అడగవచ్చు. పోల్ జరిగితే ఓటును మీ రిజిస్టరైన ఈమెయిల్ నుంచి కింది చిరునామాకు పంపాలి."

సీఎస్_పద్మజ

బాగుంది. రెండు మాటలు. 10:45 నుంచి 11:15 అన్నది కనీసమే, మూసేయాలన్న నియమం లేదు. పల్లెలో సిగ్నల్ పోయి 11:20కి తిరిగి వచ్చిన రైతును బయట నిలబెట్టకండి, సభ అయ్యేదాకా తెరిచి ఉంచండి. ఆ వాక్యం "10:45 నుంచి సమావేశం ముగిసేవరకు" అని మార్చండి. రెండోది, సాంకేతిక సాయానికి ఫోన్ నంబరు ఎక్కడ? అది నోటీసులో ఉండి తీరాలి.

మిర్చి_ఘాటు

ఆ నంబరు ఎత్తేవాడికి తెలుగు రావాలి. మాకు పోయినేడు ఎత్తినమ్మాయి హిందీలో మాట్లాడింది, మా పెదనాన్న పెట్టేశాడు.

కృష్ణలంక_రాంబాబు

హాలు లేదంటే స్వీటు బాక్సు కూడా లేదన్నమాట.

చార్మినార్_సీఏ

హాల్లో పెట్టినా సభ్యులకు బహుమతులు, కూపన్లు పంచకూడదు రాంబాబన్నా, సెక్రటేరియల్ స్టాండర్డ్స్‌లోనే ఉంది. టీ, టిఫిను వేరే సంగతి.

పాత_యార్డు_బాబాయ్

ఆ 148 మందిలో తిరుగు కవరు పంపని వాళ్ల సంగతేంటి?

బెజవాడ_లెక్కలు

వాళ్ల ఊళ్ల జాబితా తీశాను బాబాయ్. ఎక్కువ మంది ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు వాళ్లే. 27లోపు మా స్టోరేజీ సూపర్‌వైజరు ఆ ఊళ్లకు వెళ్లి ఫారాలు రాయించుకొస్తాడు. అయినా ఇవ్వనివాళ్లు సహాయ కేంద్రానికి వచ్చి సభ చూడొచ్చు, ప్రశ్న అడగొచ్చు. పోల్ వస్తే మాత్రం ఓటు లేదు. దాని మీద డైరెక్టర్లకు రాతలో పెట్టాను, వచ్చే ఏడాది హాలు గురించి జులైలోనే తేల్చమని. సాయం నంబరుకు మా ఆఫీసు ల్యాండ్‌లైను పెడుతున్నాం, ఎత్తేది మా గుంటూరు కుర్రాడే.

పాత_యార్డు_బాబాయ్

ఆ సూపర్‌వైజర్ని పొద్దున పూటే వెళ్లమను. పది దాటితే అందరూ చేలల్లో ఉంటారు.